పాత ఫోన్‌లో పాట ఆగితే తప్పు నెట్‌దేనా?

2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో పెద్దవాళ్ల చేతుల్లో ఉన్నాయి. కాల్స్‌కి ఇబ్బంది లేదు, వాట్సాప్ నడుస్తుంది. యూట్యూబ్ తెరిస్తే మాత్రం చాలాసేపు తెల్ల తెరే. ‘నెట్ రావట్లేదురా’ అంటారు అమ్మమ్మలు. చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు.

తేల్చుకోవడం సులువే. వీడియో కింద ఎర్ర గీత మనం ఎంతవరకు చూశామో చెబుతుంది. దాని ముందున్న లేతరంగు గీత ఎంత వీడియో ఫోన్‌లోకి దిగిందో చెబుతుంది. ఎర్ర గీత లేత గీతను అందుకున్నాక చక్రం తిరుగుతుంటే నెట్ చాలడం లేదు. లేత గీత బాగా ముందున్నా బొమ్మ కుదుపులు పడుతుంటే, ఫోన్ వెనకభాగం వేడెక్కుతుంటే, ఆ వీడియోను విప్పి చూపించే సత్తువ ఫోన్‌కి లేదని అర్థం. ఇంకో గుర్తు: మధ్యలో వాట్సాప్‌కి వెళ్లి తిరిగొస్తే యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది. ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ దాన్ని మూసేసింది.

ఇలాంటి ఫోన్ల కోసమే గూగుల్ ‘యూట్యూబ్ గో’ అనే తేలికైన యాప్ తెచ్చింది. 2022 ఆగస్టులో దాన్ని ఆపేస్తూ, అసలు యాప్ గానీ బ్రౌజర్ గానీ వాడుకోమంది. బ్రౌజర్ దారే మనకు పనికొచ్చేది. ఫోన్ ఆండ్రాయిడ్ మరీ పాతదై ప్లే స్టోర్ యాప్‌నే ఇవ్వనన్నప్పుడు కూడా ముందు ప్రయత్నించాల్సింది ఇదే.

క్రోమ్‌లో m.youtube.com తెరవండి. మూడు చుక్కల మెనూలో Add to Home screen నొక్కితే హోమ్ తెర మీద బొమ్మ వచ్చేస్తుంది. పెద్దవాళ్లకు అది యాప్‌లాగే ఉంటుంది. లింకు నొక్కినప్పుడు పాత యాప్ తెరుచుకుంటుంటే, సెట్టింగ్స్‌లో Apps కి వెళ్లి యూట్యూబ్‌ని Disable చేయండి. దాని అప్‌డేట్లు పోయి కొంత జాగా కూడా మిగులుతుంది. వీడియో నాణ్యతను 240p లేదా 360pకి దించండి. చిన్న తెర మీద తేడా పెద్దగా తెలియదు, ఫోన్‌కి మాత్రం భారం బాగా తగ్గుతుంది. ఒక్క ట్యాబ్ ఉంచి మిగతావి మూసేయండి.

ఈ దారికి హద్దులున్నాయి. వీడియోలు డౌన్‌లోడ్ చేసి దాచుకోలేరు. తెర ఆపితే పాట ఆగిపోతుంది. కొన్ని ఓటీటీలు మొబైల్ బ్రౌజర్‌లో సినిమా ఆడనివ్వక యాప్ వేసుకోమంటాయి. బ్రౌజర్ కూడా మరీ పాతదైతే పేజీలు సరిగా తెరుచుకోవు. అప్పుడు ఆ ఫోన్‌ని కాల్స్‌కి వదిలేయడమే మంచిది.

ఒక్కటి మాత్రం చేయకండి. యాప్ రావడం లేదని ఎవరో పంపిన ఏపీకే ఫైలు వేయకండి. ఆ ఫోన్‌లోనే మీ అమ్మమ్మ బ్యాంకు ఓటీపీలూ వస్తాయి.