పరధ్యానం కాదు, మూర్ఛ

నాలుగో తరగతి పాప డిక్టేషన్‌లో మధ్యమధ్య మాటలు వదిలేస్తోంది. పరధ్యానమనుకున్న టీచరు క్రమంగా గమనించారు: రాస్తున్న చేయి ఆగిపోతుంది, రెప్పలు అల్లాడతాయి, పిలిచినా, భుజం తట్టినా పలకదు. 10 సెకన్లలో తేరుకుని, ఏమీ జరగనట్టే రాస్తుంది. పరధ్యానమైతే తట్టగానే ఉలిక్కిపడేది. టీచరు అలా జరిగిన వేళలన్నీ రాసి తల్లికిచ్చారు.

ఆసుపత్రిలో పాపచేత 3 నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్పించి వదిలిస్తుంటే అదే చూపు వచ్చింది. ఈఈజీలో సెకనుకు 3 చొప్పున మొనదేలిన అలలు కనిపించాయి. ఇది ఆబ్సెన్స్ మూర్ఛ. ఎథోసక్సిమైడ్ వంటి మందుతో చాలామంది పిల్లల్లో అదుపులోకి వస్తుంది. కార్బమజెపీన్ లాంటి మూర్ఛ మందులు దీన్ని పెంచవచ్చు. అందుకే సొంతవైద్యం మాని, న్యూరాలజిస్టుకు చూపించండి.