రిపోర్టులో గ్రేడ్లు మూడు, తగిలిన దెబ్బ ఒక్కటే

వారంలో రెండు సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా టర్ఫ్‌కు వెళ్లి ఫుట్‌బాల్ ఆడే 36 ఏళ్ల ఆటగాడిని ఒకరిని ఊహించుకుందాం. బంతిని ఆపబోతుండగా ఎదుటి ఆటగాడి కాలు బయటి వైపు నుంచి అతని మోకాలికి గట్టిగా తగిలింది. మోకాలు లోపలికి వంగింది. ఆట ఆపేసి పక్కన కూర్చున్నాడు గానీ, ఇంటికి తన కాళ్ల మీదే నడిచి వెళ్లాడు. తెల్లారేసరికి మోకాలు కాస్త వాచింది. లోపలి పక్కన వేలు పెడితే నొప్పి. వారమైనా తగ్గకపోవడంతో డాక్టరు ఎంఆర్‌ఐ రాశారు.

రిపోర్టు చివర, ‘ఇంప్రెషన్’ కింద ఇలా ఉంది: మీడియల్ కొల్లేటరల్ లిగమెంట్‌కు గ్రేడ్ 1 స్ప్రెయిన్. మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్‌లో గ్రేడ్ 2 సిగ్నల్. మోకాలి చిప్ప వెనుక గ్రేడ్ 2 కాండ్రోమలేషియా. లేటరల్ ఫీమోరల్ కాండైల్‌లో బోన్ కంట్యూజన్. మైల్డ్ జాయింట్ ఎఫ్యూజన్. ఏసీఎల్, పీసీఎల్ ఇంటాక్ట్.

ఇది చదివిన ఇంట్లోవాళ్లకు మోకాలు మొత్తం పాడైపోయినట్టే అనిపిస్తుంది. లిగమెంట్ బెణికింది, మెనిస్కస్ చినిగింది, గుజ్జు అరిగింది, ఇక ఆపరేషనే అనుకుంటారు. గ్రేడ్ 2 అన్నవి గ్రేడ్ 1 కన్నా పెద్ద దెబ్బలని కూడా లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తప్పు. లిగమెంట్‌కు, మెనిస్కస్‌కు, కార్టిలేజ్‌కు గ్రేడ్లు వేసే కొలతలు వేర్వేరు. ఒకదాని అంకెను ఇంకోదాని అంకెతో పోల్చకూడదు. పైగా ఈ రిపోర్టులో ఉన్నవన్నీ ఆ సాయంత్రం జరిగినవి కావు.

నీరు తెల్లగా కనిపిస్తుంది

ఎంఆర్‌ఐ మోకాలిని మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండే పొరలుగా చూపిస్తుంది. వీటిలో దెబ్బలను వెతకడానికి తీసే చిత్రాల్లో నీరు తెల్లగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న లిగమెంట్, మెనిస్కస్ నల్లగా ఉంటాయి. నల్లగా ఉండాల్సిన చోట తెలుపు కనిపిస్తే దాన్ని రేడియాలజిస్టు ‘సిగ్నల్’ అని రాస్తారు. అక్కడ ఏదో మారిందని మాత్రమే దాని అర్థం. చినిగిందా, లేదా అన్నది ఆ తెలుపు ఏ ఆకారంలో ఉంది, ఎక్కడిదాకా వెళ్లింది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

కొత్త దెబ్బకు చుట్టూ వాపు నీరు చేరుతుంది. ఎముక లోపల మజ్జలో అలాంటి తెలుపు కనిపిస్తే ‘మ్యారో ఎడీమా’ అని, దెబ్బ వల్ల వచ్చిందని తోస్తే ‘బోన్ కంట్యూజన్’ అని రాస్తారు. అంటే ఎముక విరగలేదు, లోపల కమిలింది. మన ఆటగాడి విషయంలో ఈ కమిలిన మచ్చే కథంతా చెబుతోంది. బయటి నుంచి తగిలిన దెబ్బకు బయటి పక్క ఎముక కమిలింది. మోకాలు లోపలికి వంగినప్పుడు లోపలి పక్క లిగమెంట్ సాగింది. రెండూ ఒకే క్షణంలో జరిగినవి.

లిగమెంట్: ఎన్ని పోగులు తెగాయి?

మీడియల్ కొల్లేటరల్ లిగమెంట్‌ను క్లుప్తంగా ఎంసీఎల్ అంటారు. తొడ ఎముకను కింది కాలి ఎముకతో లోపలి పక్కన కలిపి ఉంచే వెడల్పాటి పట్టీ ఇది. గ్రేడ్ 1 అంటే పోగులు సాగాయి, పట్టీ తెగలేదు, చుట్టూ నీరు చేరింది. గ్రేడ్ 2లో కొన్ని పోగులు తెగుతాయి. గ్రేడ్ 3లో పట్టీ పూర్తిగా తెగుతుంది.

ఎంసీఎల్‌కు రక్తం బాగా అందుతుంది కాబట్టి అది తనంతట తాను అతుక్కునే లిగమెంట్. గ్రేడ్ 1 అయితే సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో ఆటకు తిరిగి వెళ్లొచ్చు. పూర్తిగా తెగినా, మిగతా లిగమెంట్లు బాగుంటే చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు. కొన్ని వారాలు బ్రేస్ వేసి, క్రమంగా వ్యాయామం చేయిస్తారు.

మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అలా కాదు. అది పూర్తిగా తెగితే మళ్లీ సరిగ్గా అతుక్కోవడం అరుదు. పరుగెత్తుతూ ఒక్కసారిగా దిశ మార్చే ఆటలకు తిరిగి వెళ్లాలనుకునేవారికి సాధారణంగా ఆపరేషన్ చేసి కొత్త లిగమెంట్ అమరుస్తారు. ఆ తర్వాత ఆటకు కనీసం 9 నెలలు ఆగమంటారు. అందుకే ఫుట్‌బాల్ ఆడేవారు రిపోర్టులో మొదట వెతకాల్సిన మాట ఏసీఎల్ పక్కన ఉన్న ‘ఇంటాక్ట్’. మన ఆటగాడి కథ కూడా దానికి సరిపోతోంది. ఏసీఎల్ తెగినవారిలో చాలామందికి ఆ క్షణంలో ‘టప్’మని శబ్దం వినిపిస్తుంది, రెండు మూడు గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బుతుంది, పక్కకు తిరిగితే కాలు జారిపోయినట్టు ఉంటుంది. ఇతనికి వాపు తెల్లారాక కొద్దిగా వచ్చింది. మోకాలు ఎప్పుడూ పట్టు తప్పలేదు.

మెనిస్కస్: తెలుపు అంచుదాకా వెళ్లిందా?

తొడ ఎముకకు, కింది ఎముకకు మధ్య లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి కొడవలి ఆకారపు మెత్తలు ఉంటాయి. అవే మెనిస్కస్‌లు. బరువును ఎముక మీద సమంగా పరచడం వాటి పని. కొడవలి వెనుక కొసను ‘పోస్టీరియర్ హార్న్’ అంటారు. గుంజీలు తీసినప్పుడు, బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది దానిమీదే.

ఇక్కడ గ్రేడ్ అంటే తెలుపు ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పే అంకె. మెత్త లోపల చుక్కలా ఉంటే గ్రేడ్ 1. గీతలా ఉండి, పైఅంచునూ కింది అంచునూ తాకకపోతే గ్రేడ్ 2. అంచును తాకితే గ్రేడ్ 3. అసలైన చినుగు గ్రేడ్ 3 మాత్రమే. ఒక్క చిత్రంలో తాకినట్టు కనిపిస్తే రేడియాలజిస్టులు తొందరపడరు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ చిత్రాల్లో తాకితేనే ‘టేర్’ అని నమ్మకంగా రాస్తారు. మన ఆటగాడి గ్రేడ్ 2 సిగ్నల్, ఏళ్ల తరబడి వాడకంతో మెత్త లోపల వచ్చిన మార్పు. దానికి కుట్టూ అక్కర్లేదు, కోతా అక్కర్లేదు.

గ్రేడ్ 3 అని ఉంటే తర్వాతి ప్రశ్న అది ఏ రకం చినుగు అన్నది. మెత్త బయటి అంచుకు రక్తం అందుతుంది, లోపలి అంచుకు అందదు. కాబట్టి యువ ఆటగాడికి కొత్తగా బయటి అంచు దగ్గర నిలువుగా పడిన చినుగును కుడితే అతుక్కునే అవకాశం ఉంటుంది. ‘బకెట్ హ్యాండిల్ టేర్’ అని ఉంటే ఆలస్యం చేయకూడదు. చినిగిన ముక్క మోకాలి మధ్యలోకి జారి, తలుపు సందులో పుల్ల ఇరుక్కున్నట్టు అడ్డుపడుతుంది. కాలు పూర్తిగా చాపలేకపోవడం దాని గుర్తు. ‘రూట్ టేర్’ అన్నా వెంటనే ఎముకల డాక్టరును కలవాలి. కొడవలి కొస ఎముక నుంచి ఊడితే మెత్త తన పని చేయలేదు.

కార్టిలేజ్: ఎంత లోతు అరిగింది?

మనవాళ్లు ‘గుజ్జు’ అనేది చాలాసార్లు దీన్నే. ఎముకల చివర్ల మీద నున్నగా పరుచుకుని ఉండే పొర ఇది. మోకాలి చిప్ప వెనుక పొర మెత్తబడటం, అరగడం గురించి చెప్పే మాట కాండ్రోమలేషియా. ఇక్కడ గ్రేడ్ లోతును కొలుస్తుంది. పైపొర బాగానే ఉండి లోపల మెత్తబడితే గ్రేడ్ 1. మందంలో సగం కన్నా తక్కువ అరిగితే గ్రేడ్ 2, సగం దాటితే గ్రేడ్ 3, ఎముక బయటపడితే గ్రేడ్ 4.

ఈ పొరలో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అందుకే అది చాలాకాలం నొప్పి లేకుండానే అరుగుతుంది. అరిగింది తిరిగి ముందులా పెరగదు కూడా. మన ఆటగాడికి చిప్ప వెనుక నొప్పి లేదు, మెట్లు దిగుతున్నప్పుడు కూడా ఎప్పుడూ రాలేదు. ఆ గ్రేడ్ 2 అరుగుదల దెబ్బకు ముందు నుంచే ఉండి ఉంటుంది. అరిగిన చోట కింద ఎముకలో ‘సబ్‌కాండ్రల్ ఎడీమా’ ఉందని రాసి, నొప్పి కూడా అక్కడే ఉంటే సంగతి వేరు.

నొప్పి లేని చినుగులు

2008లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 ఏళ్లు దాటిన 991 మందికి మోకాలి ఎంఆర్‌ఐ తీసి చూశారు. వాళ్లను మోకాలి నొప్పి ఉందా అని అడిగి ఎంచుకోలేదు. మెనిస్కస్ చినిగి ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో ఆ మోకాలిలో నొప్పి గానీ బిగుసుకుపోవడం గానీ లేదు. 2013లో ఫిన్లాండ్ వైద్యులు ఇంకో అడుగు ముందుకు వేశారు. వయసుతో వచ్చిన మెనిస్కస్ చినుగు, నొప్పి ఉన్న 146 మందిలో కొందరికి చినిగిన భాగం కత్తిరించారు, మిగతావారికి ఆర్త్రోస్కోప్‌తో మోకాలి లోపల చూసి, ఏమీ కత్తిరించకుండా ఆపరేషన్ చేసినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పటికే కీళ్లవాతం ఉన్నవారిని, ఏదైనా దెబ్బతో చినుగు మొదలైనవారిని ఈ పరీక్షలో చేర్చలేదు కాబట్టి యువ ఆటగాడికి మైదానంలో పడిన చినుగుకు దీన్ని వర్తింపజేయకూడదు. కానీ రిపోర్టులో చినుగు ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదేనని అనుకోకూడదని ఈ రెండూ గట్టిగా చెబుతున్నాయి.

అందుకే మంచి డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి ముందు మోకాలు పట్టుకుంటారు. నొప్పి వేలు పెట్టి చూపమంటారు. కాలును పక్కకు నెట్టి ఎంసీఎల్ వదులైందా, ముందుకు లాగి ఏసీఎల్ వదులైందా చూస్తారు. మన ఆటగాడి వేలు లోపలి పక్క లిగమెంట్ మీదికే వెళ్లింది. కాలు నెట్టినప్పుడు నొప్పి పుట్టింది గానీ కీలు తెరుచుకోలేదు. రిపోర్టు, దెబ్బ తగిలిన తీరు, డాక్టరు చేతులు మూడూ ఒకే మాట చెప్పాయి: చికిత్స కావాల్సింది గ్రేడ్ 1 బెణుకుకే.

ఆటకు ఎప్పుడు?

ఇతనికి కొద్ది రోజులు విశ్రాంతి, వాపు తగ్గడానికి ఐస్, ఆ వెంటనే తొడ కండరాలకు వ్యాయామం చాలు. తిరిగి ఆడటానికి తేదీ కన్నా మోకాలే గీటురాయి. రెండో కాలిలా పూర్తిగా చాపగలగాలి, వంచగలగాలి. లిగమెంట్ మీద నొక్కితే నొప్పి ఉండకూడదు. ఒంటికాలి మీద రెండు కాళ్లతోనూ ఒకేలా గెంతగలగాలి. తిన్నగా పరుగెత్తాక, పక్కకు తిరుగుతూ పరుగెత్తినా మర్నాడు వాపు రాకూడదు. ఇవన్నీ దాటాకే మ్యాచ్.

ఈలోగా మోకాలు బిగుసుకుపోయి చాపలేకపోతే, పక్కకు తిరిగినప్పుడు పట్టు తప్పితే, కాలి మీద బరువు మోపలేకపోతే, వాపుతో పాటు జ్వరం వస్తే రిపోర్టులో ఏమున్నా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అవేవీ లేకుండా నొప్పి తగ్గితే, అంతా నయమైందని తేల్చుకోవడానికి ఇంకో ఎంఆర్‌ఐ తీయించక్కర్లేదు. మెనిస్కస్‌లోని ఆ గ్రేడ్ 2 గీత, చిప్ప వెనుక ఆ అరుగుదల అప్పుడూ అలాగే కనిపిస్తాయి. కమిలిన ఎముక మచ్చ కూడా కొన్ని నెలలు ఉండొచ్చు. అవి ఉండగానే అతను ఫుట్‌బాల్ ఆడగలడు.