మీకు తెలుసా? పైచెవి కుట్టించుకున్నాక వాపొస్తే...

చెవి పైభాగంలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దాన్ని అంటిపెట్టుకున్న పల్చటి పొరే పోషణ అందిస్తుంది. చీము చేరి ఆ పొర విడిపోతే మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి శాశ్వతంగా ముడుచుకుపోతుంది.

2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒకే దుకాణంలో పైచెవి కుట్టించుకున్న పలువురికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకింది. అది అక్కడ వాడిన క్రిమినాశక ద్రవం సీసాలోనే దొరికింది!

తమ్మె మామూలుగా ఉండి, పైచెవి మాత్రం ఎర్రగా వాచి, ముట్టుకుంటే విలవిల్లాడేంత నొప్పి ఉంటే ఇలాంటి ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. ఎరుపు చెంపకో చెవి వెనక్కో పాకినా, చెవి ముందుకు పొడుచుకొచ్చినా, జ్వరమొచ్చినా అది వ్యాపిస్తున్నట్టే. సూడోమోనాస్‌పై మామూలుగా వాడే యాంటీబయాటిక్స్ చాలావరకు పనిచేయవు. అందుకే మందుల దుకాణంలో మాత్ర కొనుక్కోకుండా, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. చీము పడితే మందులతో పాటు కోసి తీయాల్సిందే.