లేచి నిలబడితే రక్తపోటు ఎందుకు పడిపోదు?

ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థి ఫిజియాలజీ పుస్తకం తెరిస్తే రంగులే రంగులు. నిర్వచనాలకు పసుపు, అంకెలకు ఆకుపచ్చ, ‘ఇది తప్పకుండా వస్తుంది’ అని సీనియర్లు చెప్పిన పేరాకు గులాబీ. పరీక్ష దగ్గరపడే కొద్దీ కళ్లు ఆ రంగుల మీదే తిరుగుతుంటాయి. మూడోసారి చదివేసరికి ప్రతి లైనూ తెలిసినదే అనిపిస్తుంది. తీరా వైవాలో ‘పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తపోటు ఎందుకు పడిపోదు?’ అని అడిగితే, ఆ పేరా ఏ పేజీలో ఏ మూల ఉందో గుర్తొస్తుంది గానీ అందులో ఏముందో నోటికి రాదు.

కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టడం ఒక పని, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం మరో పని. పరీక్ష అడిగేది రెండోదాన్ని. మళ్లీ మళ్లీ చదవడం వల్ల పెరిగేది మొదటిది.

ఈ తేడాను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో స్పష్టంగా చూపించారు. కాలేజీ విద్యార్థుల్లో ఒక బృందం ఒక చిన్న వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ తెల్లకాగితం మీద గుర్తున్నంత వరకు రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే, రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం చదివిన బృందానికే ఎక్కువ.

ఫిజియాలజీలో ఈ పద్ధతిని వాడాలంటే ముందు పాఠాన్ని ప్రశ్నలుగా మార్చుకోవాలి. వైవాలో అడిగిన ఆ పేరానే తీసుకుందాం. మనిషి నిలబడగానే సుమారు అర లీటరు రక్తం కాళ్ల సిరల్లోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, దాంతో ఒక్కో స్పందనకు గుండె బయటికి నెట్టే రక్తమూ తగ్గుతుంది, రక్తపోటు పడబోతుంది. మెడలోని కరోటిడ్ సైనస్‌లో, బృహద్ధమని వంపులో ఉండే బారోరిసెప్టర్లు దీన్ని పసిగడతాయి. మెదడు కింది భాగమైన మెడుల్లాకు కబురు వెళుతుంది. సింపథెటిక్ నాడులు చురుకవుతాయి, వేగస్ నాడి పట్టు సడలుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చిన్న ధమనులు బిగుసుకుంటాయి, రక్తపోటు నిలబడుతుంది. కొద్ది సెకన్లలో జరిగిపోయే వ్యవహారం ఇదంతా.

చాలామంది దీనికి రాసుకునే ప్రశ్న ‘బారోరిసెప్టర్ రిఫ్లెక్స్‌ను వివరించండి’. పది మార్కుల పరీక్షకు అది సరైన ప్రశ్నే గానీ, రోజువారీ సాధనకు పనికిరాదు. జవాబులో సగం వచ్చి సగం తప్పితే, తప్పింది ఎక్కడో తెలియదు. ‘బారోరిసెప్టర్లు ఎక్కడ ఉంటాయి?’ అన్నది దీనికి వ్యతిరేక దిశలో పొరపాటు. రెండు పేర్లు చెబితే పని అయిపోతుంది. ఆ రెండు పేర్లూ చెప్పగలిగిన విద్యార్థికి అసలు విషయం తెలియకపోవచ్చు.

ఈ పేరాలో విద్యార్థులు జారిపడే చోటు ఒకటుంది. ‘రక్తపోటు తగ్గింది కాబట్టి బారోరిసెప్టర్లు ఉత్తేజితమై సంకేతాలు పెంచుతాయి’ అని చాలామంది చెప్పేస్తారు. నిజానికి అవి సాగుదలను పసిగట్టే నాడీ కొసలు. పోటు తగ్గితే ధమని గోడ తక్కువ సాగుతుంది, సంకేతాలు కూడా తగ్గుతాయి. మామూలు సమయంలో ఆ సంకేతాలే సింపథెటిక్ నాడులను అదుపులో ఉంచుతుంటాయి. అవి తగ్గితే ఆ అదుపు సడలి, గుండె వేగం పెరుగుతుంది. పేరాను పదిసార్లు చదివినా ఈ మెలిక కంటి కింద నుంచి జారిపోతుంది, ఎందుకంటే చదివేటప్పుడు దిశ చెప్పాల్సిన బాధ్యత పుస్తకానిదే గానీ విద్యార్థిది కాదు.

అందుకే ఈ గొలుసును లంకె లంకెగా విడదీసి అడగాలి. నిలబడగానే గుండెకు తిరిగొచ్చే రక్తం పెరుగుతుందా, తగ్గుతుందా, ఎందుకు? కరోటిడ్ సైనస్ నుంచి వెళ్లే సంకేతాలు పెరుగుతాయా, తగ్గుతాయా, ఎందుకు? అవి తగ్గితే సింపథెటిక్ నాడులు ఎందుకు చురుకవుతాయి? ఇలా ఐదారు ప్రశ్నలు చాలు. ‘ఎందుకు’ అన్న తోక మాత్రం తప్పనిసరి. అది లేకపోతే, పెరుగుతుందో తగ్గుతుందో అన్న ప్రశ్నకు గుడ్డిగా చెప్పినా సగం సార్లు సరిపోతుంది.

లంకెలన్నీ పట్టుబడ్డాక ‘ఇలా అయితే?’ అన్న ప్రశ్నలు వేసుకోవాలి. వీటికి జవాబు పేరాలో అచ్చంగా ఉండదు, గొలుసును నడిపి రాబట్టాలి. కొందరు వృద్ధులకు చొక్కా కాలర్ బిగుతుగా ఉంటే కళ్లు తిరిగి పడిపోతారు, ఎందుకు? కరోటిడ్ సైనస్ మీద బయటి నుంచి ఒత్తిడి పడితే గోడ సాగినట్టే లెక్క. సంకేతాలు పెరుగుతాయి, పోటు ఎక్కువైందని మెడుల్లా పొరబడుతుంది, గుండె వేగం తగ్గిపోతుంది. బీటా బ్లాకర్ మాత్రలు వాడే మనిషి లేచి నిలబడితే? రిఫ్లెక్స్ పనిచేస్తూనే ఉంటుంది గానీ గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. ఈ రెండింటినీ పుస్తకం చూడకుండా చెప్పగలిగితే ఆ పేరా వచ్చినట్టే.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నోట్‌బుక్ పేజీని నిలువునా మడిచి, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు రాసుకుంటే చాలు. కుడివైపు మూసి, జవాబును పైకి చెప్పాలి లేదా చిత్తుకాగితం మీద రాయాలి. మనసులో ‘ఆ, తెలుసులే’ అనుకుని మడత విప్పితే మళ్లీ చదువుకున్నట్టే అవుతుంది. తప్పిన ప్రశ్న పక్కన చుక్క పెట్టి, సరైన జవాబు అప్పటికప్పుడే చూసుకోవాలి. లేకపోతే తప్పు జవాబే మనసులో పాతుకుపోతుంది. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారం దాటాక మరోసారి అడుక్కోవాలి. చుక్కలు పడ్డవాటిని మాత్రం రోజూ చూడాలి.

రెండు వారాల తర్వాత ఒక చిక్కు వస్తుంది. పాఠం బదులు ప్రశ్న రూపమే గుర్తుండిపోతుంది. ‘కరోటిడ్’ అన్న మాట కనబడగానే ‘తగ్గుతాయి’ అని నోరు దానంతటదే పలుకుతుంది. ప్రశ్నను తలకిందులు చేసి అడిగితే ఇది బయటపడుతుంది: నిలబడిన మనిషి పడుకుంటే? అక్కడ తడబడితే కంఠతా వచ్చింది గానీ గొలుసు రాలేదన్నమాట.

పాఠం మొదటిసారి అర్థం కావడానికి మాత్రం ఈ పద్ధతి సాయపడదు. గుండె ఒక స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు నెడుతుందని, నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే మొత్తం ఐదు లీటర్ల దాకా వస్తుందని ముందు శ్రద్ధగా చదవాలి, బొమ్మ గీసి చూసుకోవాలి. అర్థం కాని పేరా నుంచి రాసిన ప్రశ్నలో పుస్తకం మాటలే తిరిగొస్తాయి. అలాంటి ప్రశ్న కనబడితే దాన్ని కొట్టేసి, ఆ పేరాను మళ్లీ మొదటి నుంచి చదవడమే మేలు.

ఈ గొలుసు వార్డులోనూ అక్కరకొస్తుంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని మధుమేహ రోగి చెబితే, డాక్టర్లు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి రక్తపోటు చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని లోపంగా లెక్కిస్తారు. అదే సమయంలో నాడి కొట్టుకునే వేగం కూడా పెద్దగా పెరగలేదంటే, గొలుసులో ఏ లంకె తెగి ఉంటుంది? మధుమేహం ఏళ్ల తరబడి స్వయంచాలక నాడులను దెబ్బతీస్తుందని తెలిసిన విద్యార్థి ఈ ప్రశ్నను కూడా నోట్‌బుక్‌లో ఎడమవైపు రాసుకోవచ్చు.