నల్లని నేల మీద తెల్లని జాడీ

లోగోను ఎప్పుడూ ముందు తెల్ల కాగితం మీదే గీస్తారు. తరవాత అది వెళ్ళే చోట్లు వేరు. దుకాణం ముందు ఎర్ర బోర్డు, గోధుమరంగు అట్టపెట్టె, పసుపుపచ్చ గుడ్డసంచి, రబ్బరు స్టాంపు, పెళ్ళి విందు ఫొటో మీద ప్రకటన, రాత్రిపూట నల్లబడే ఫోన్ తెర. వీటన్నిటికీ ఒక్క రంగుల ఫైలే పంపితే రెండిట్లో ఒకటి జరుగుతుంది. లోగో నేలరంగులో కలిసిపోతుంది, లేదా చుట్టూ తెల్ల డబ్బాతో అతుకు వేసినట్టు కనిపిస్తుంది. అందుకే రంగుల లోగోకి తోడుగా ఒకే రంగుతో ఒకటి, చీకటి నేపథ్యానికి ఒకటి ముందే సిద్ధం చేసుకోవాలి. చీకటి నేపథ్యానికి చేసేదాన్ని ప్రెస్సుల్లో 'రివర్స్' అంటారు. ఆ పేరే చాలామందిని పొరపాటు దారి పట్టిస్తుంది. రివర్స్ లోగో అంటే రంగుల్ని తలకిందులు చేసిన లోగో కాదు, మళ్ళీ గీసిన లోగో.

పచ్చళ్ళు అమ్మే ఒక చిన్న సంస్థకు లోగో ఉందనుకుందాం. బొమ్మ ఊరగాయ జాడీ. పైసగం గోధుమరంగు, కిందిసగం మీగడ తెలుపు, భుజం మీద చిన్న తళుకు, మూతపక్క నుంచి వాలిన ఆకుపచ్చ మామిడాకు. కింద గోధుమరంగు తెలుగు అక్షరాల్లో పేరు. తెల్ల కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది.

పని మొదలుపెట్టవలసింది నలుపు ఒక్కటే వాడే రూపంతో. రంగులు తీసేశాక బొమ్మలో ఏం మిగులుతుందో అక్కడ బయటపడుతుంది. జాడీ పైభాగం రంగు #6B3A1E, ఆకు రంగు #3F6B2A అనుకుంటే, కంటికి అవి పూర్తిగా వేరు రంగులు. వెలుతురు లెక్కలో మాత్రం వాటి మధ్య తేడా ఒకటిన్నర రెట్లే. రెండిటినీ నల్లగా చేస్తే ఆకు జాడీలో కలిసిపోయి, జాడీకి కొమ్ము మొలిచినట్టుంటుంది. ఆకును బూడిదరంగు చేస్తే సరిపోదా అనిపిస్తుంది. రబ్బరు స్టాంపుకి బూడిదరంగు తెలియదు, వినైల్ కోసే యంత్రానికీ తెలియదు. ప్రెస్సులో బూడిదరంగంటే చిన్న చిన్న నల్లచుక్కల వల. సన్నని ఆకు అంచు ఆ చుక్కల్లో గరుకుగా తయారవుతుంది. కాబట్టి దారి ఒక్కటే. ఆకు చుట్టూ, జాడీలోంచి ఒక సన్నని సందు కోసి తీసేయాలి. లోగో 30 మిల్లీమీటర్ల వెడల్పున అచ్చయ్యేటప్పుడు ఆ సందు అర మిల్లీమీటరు ఉంటే, 15 మిల్లీమీటర్లకు కుదించినా పావు మిల్లీమీటరు మిగులుతుంది, కంటికి ఆనుతుంది. జాడీ పైసగం నిండు నలుపు, కిందిసగం గీత మాత్రమే, తళుకు కోసిన కిటికీ. ఆకు ఈనెల్లో నడిమి ఈనె ఒక్కటి ఉంచి, మిగతావి తీసేయవచ్చు.

ఇప్పుడు చీకటి నేపథ్యం. సాఫ్ట్‌వేర్‌లో ఇన్వర్ట్ మీట నొక్కితే నలుపు తెల్లబడుతుంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. బొమ్మను కాసేపు చూస్తే తేడా తెలుస్తుంది. జాడీ పైసగం తెల్లగా, కిందిసగం చీకటిగా మారింది. తళుకు నల్లమచ్చయింది. ఏ తెలుగింటి అటక మీదా అలాంటి జాడీ ఉండదు. పాత ఫిల్ము నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూసినట్టే ఉంటుంది. వస్తువులో వెలుగు ఎక్కడుందో, నేపథ్యం ఏదైనా వెలుగు అక్కడే ఉండాలి. కాబట్టి తెల్లరంగు ఒక్కటే వాడే రూపంలో నింపిన భాగాలు మారతాయి. కిందిసగం నిండు తెలుపు అవుతుంది, పైసగం తెల్లగీత మాత్రమే. లోపల నేపథ్యపు చీకటే గోధుమరంగుకు బదులు నిలుస్తుంది. తళుకు తెల్లని చుక్క అవుతుంది. ఆకు నింపి ఉన్నా గీతగా ఉన్నా ఫరవాలేదు, దానికి వెలుగునీడలు లేవు. అక్షరాలకూ అంతే. వాటిని నేరుగా తెల్లగా మార్చవచ్చు.

ఈ చిక్కు అందరికీ తెలిసిన ఒక లోగోలోనూ ఉంది. వన్యప్రాణుల సంరక్షణకు 1961లో ఏర్పడిన డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థ గుర్తు పాండా. ఇప్పటి రూపంలో నల్ల భాగాలే గీసి ఉంటాయి, తల పైభాగాన్నీ వీపునూ చూసేవాళ్ళ ఊహ పూరిస్తుంది. అంటే పాండా తెలుపంతా కాగితం తెలుపే. దాన్ని తిరగేస్తే చెవులూ కళ్ళచుట్టూ ఉన్న మచ్చలూ తెల్లబడి, ముఖం నల్లబడుతుంది. అది ఇక పాండా కాదు. అలాంటి గుర్తును ముదురు నేల మీద తెల్లని పలక వేసి దాని మీదే నిలబెట్టాలి. ముఖాలు, జంతువులు ఉన్న లోగోలకు ఇదే తగిన ఉపాయం. పలక ఆకారం, అంచు ఎంత వదలాలో ముందే గీసి ఉంచితే అది అతుకులా కనిపించదు, లోగోలో భాగంగానే ఉంటుంది.

రంగులు ఉంచుతూనే చీకటికి పనికొచ్చే రూపం కూడా కావాలి, తెరల కోసం ముఖ్యంగా. రెండు రంగుల వెలుతురు తేడాను నిష్పత్తిగా కొలుస్తారు. తేడా ఏమీ లేకపోతే 1:1, తెలుపు నలుపుల మధ్య 21:1. వెబ్ పేజీల అందుబాటు ప్రమాణాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, గుర్తులకు 3:1 కోరతాయి. లోగోలకు ఆ నిబంధన వర్తించదు, కానీ కొలబద్దగా అంతకన్నా మంచిది దొరకదు. పైన చెప్పిన గోధుమరంగు తెలుపు మీద 9:1 దాటుతుంది, నలుపు మీద 2:1కి కాస్త పైన ఆగిపోతుంది. అందుకని జాడీ పైభాగాన్ని #A9673A దాకా లేత చేస్తే నలుపు మీద 4.7:1 వస్తుంది, మీగడరంగు కిందిసగంతోనూ తేడా మిగులుతుంది. ఇంకా లేత చేస్తే రెండు సగాలూ దగ్గరైపోతాయి. పేరును మాత్రం మీగడరంగులోకి మార్చడమే మేలు. ఎంత లేత చేసినా గోధుమరంగు అక్షరాలు నల్లతెర మీద మసకగానే ఉంటాయి.

అక్షరాల మందం దగ్గర ఇంకో విషయం ఉంది. చీకట్లో వెలిగే ఆకారం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. వట్టి కంటికి శుక్రుడు గురుడికన్నా పెద్దగా కనిపిస్తాడనీ, దూరదర్శినిలో అది తారుమారవుతుందనీ గెలీలియో గమనించాడు. ఆ కారణంగానే తెర మీద నల్లనేలపై తెల్లక్షరాలు ఉబ్బినట్టుంటాయి, వాటిని వెంట్రుకవాసి సన్నం చేస్తే అసలు లోగోతో సమానంగా కనిపిస్తాయి. అచ్చులో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ప్రెస్సులో తెల్లక్షరం అంటే సిరా పడని చోటు. చుట్టూ ఉన్న సిరా కాగితంలోకి పాకి ఆ చోటును కొంత తినేస్తుంది. గరుకు అట్ట మీదా గుడ్డ మీదా ఇంకా ఎక్కువ తింటుంది. తెలుగు లిపికి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. 'ళ్ళ', 'క్ష' లాంటి ఒత్తుల సన్నని గీతలు ముందు తెగుతాయి. అక్షరాలు నల్లగా, నేల లేతగా ఉంటే మరో తేడా వస్తుంది, గుడి, తలకట్టు మధ్య సందులు పూడిపోతాయి. నల్లగీత పావు పాయింటు మందంలో నిలిచే చోట కోసిన తెల్లగీతకు కనీసం అర పాయింటు ఇస్తారు. గుడ్డసంచి మీద స్క్రీన్ ప్రింటింగ్‌కు ఒక పాయింటు దాకా పెంచడం మంచిది. అందువల్ల తెల్ల రూపం తెరకు ఒకటి, అచ్చుకు ఒకటి చేయవలసి వస్తుంది. ఒకటే చేసే తీరిక ఉంటే అచ్చుకు తగ్గట్టు చేయాలి. తెర మీద కాస్త లావుగా కనిపించడం చిన్న లోపం, అచ్చులో ఒత్తు ఊడిపోతే పేరే తప్పవుతుంది.

రంగు గోడమీదో బోర్డుమీదో నలుపు వాడాలా తెలుపు వాడాలా అన్నది కూడా కొలిచి చెప్పవచ్చు. తెలుపు వెలుతురును 1 అనుకుంటే, నేలరంగు వెలుతురు 0.18 దగ్గర నలుపూ తెలుపూ రెండూ సమానంగా, 4.5:1కి కాస్త పైన కనిపిస్తాయి. అంతకన్నా ముదురైతే తెల్ల లోగో, లేతైతే నల్ల లోగో. #CC0000 ఎరుపు వెలుతురు 0.13, కాబట్టి తెలుపే. పసుపురంగు సంచి మీద నలుపే, అనుమానం లేదు. నారింజ దగ్గరే కన్ను తడబడుతుంది. #FF6600 మీద తెలుపు చాలామందికి నచ్చుతుంది, కానీ కొలిస్తే తెలుపుకు 3:1 కూడా రాదు, నలుపుకు 7:1 దాటుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో ఎత్తున కట్టే బోర్డుకైతే నలుపే వాడాలి.

ఫొటోకు ఒకే రంగు ఉండదు. జాడీ సగం తెల్లమబ్బు మీదా, సగం చెట్టునీడ మీదా పడితే నలుపూ నిలవదు, తెలుపూ నిలవదు. ముందు ఫొటోలో ప్రశాంతంగా ఉన్న మూల కోసం వెతకాలి. అది లేకపోతే ఫొటో మీద, లోగో ఉన్న వైపు ముదురై మెల్లగా చెదిరిపోయే నల్లపొర వేయాలి. ఆ పొర ఎంత చిక్కగా ఉండాలో అత్యంత చెడ్డ చోటును బట్టి లెక్క వేసుకోవచ్చు. పూర్తి తెల్లమబ్బు మీద 50 శాతం నల్లపొర వేస్తే తెల్ల లోగోకు 3.95:1 వస్తుంది. 60 శాతం వేస్తే 5.7:1. కాబట్టి లోగో కింద 60 శాతం ఉంటే ఏ ఫొటో అయినా ఫరవాలేదు. అక్షరాల చుట్టూ నీడలు, గీతలు చేర్చి గట్టెక్కాలని చూడడం మాత్రం తగదు. జాడీ గీత చుట్టూ మరో గీత చేరితే ఆకు సందు మూసుకుపోతుంది. లోగో నిలిచిందా లేదా అని చూడడానికి ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, బొటనవేలంత చిన్నది చేసి, కళ్ళు సగం మూసి చూస్తే చాలు.

ఇక ఫైళ్ళు. తెల్ల కాగితం మీది బొమ్మలోంచి కత్తిరించి పారదర్శక పి.ఎన్.జి. చేస్తే, అంచుల్లో తెలుపు కలిసిన పిక్సెళ్ళు మిగిలిపోతాయి. నల్లనేల మీద పెట్టగానే జాడీ చుట్టూ బూడిద పూసినట్టు సన్నని వలయం కనిపిస్తుంది. వెక్టర్ మూలం నుంచే నేరుగా పి.ఎన్.జి. తీస్తే ఆ వలయం రాదు. అక్షరాలను కర్వ్స్‌గా మార్చి పంపాలి, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంటు లేనప్పుడు పేరు మరో రాతలో అచ్చవుతుంది. పేర్లు స్పష్టంగా పెట్టాలి: `logo-color.svg`, `logo-color-dark.svg`, `logo-black.svg`, `logo-white.svg`. తెల్ల ఫైలు తెరిస్తే తెల్లకిటికీలో ఏమీ కనిపించదు, ఖాళీ ఫైలు పంపారని తిరిగి ఫోన్ వస్తుంది. ముదురు నేల మీద అదెలా ఉంటుందో చూపే చిన్న బొమ్మ తోడుగా పంపాలి. వెబ్‌సైటులో చీకటి తెర వచ్చినప్పుడు `filter: invert(1)` వాడితే జాడీ మళ్ళీ నెగటివ్ అవుతుంది. ఫైలునే మార్చాలి:

```html
<picture>
  <source srcset="logo-color-dark.svg"
          media="(prefers-color-scheme: dark)">
  <img src="logo-color.svg" alt="జాడీ లోగో">
</picture>
```

అచ్చుకు పంపే ముందు తెల్ల లోగోలో ఓవర్‌ప్రింట్ అమరిక ఆపి ఉందో లేదో చూడాలి. నల్ల లోగోనే తెల్లగా మార్చి వాడినప్పుడు ఆ అమరిక అలాగే ఉండిపోతుంటుంది. నలుపుకు దానివల్ల హాని లేదు. తెలుపుకు సిరాయే లేదు కాబట్టి, ఓవర్‌ప్రింట్ అంటే కింది రంగును అలాగే వదిలేయడమే, లోగో మొత్తం మాయమవుతుంది. మామూలు తెర మీద చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. పి.డి.ఎఫ్.ను ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ పెట్టి చూస్తేనే బయటపడుతుంది. నాలుగు రంగుల సిరాలు కలిపి చేసిన చిక్కటి నలుపు మీద చిన్న తెల్లక్షరాలు ఉంటే, ఒక ప్లేటు కొద్దిగా జరిగినా అంచుల్లో ఎరుపో నీలమో తొంగిచూస్తుంది. అలాంటి చోట నేపథ్యాన్ని నల్ల సిరా ఒక్కదానితోనే వేయించాలి.