బాకీ ఉత్తరాల వరుస

హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామికవాడలో ఉన్న చిన్న లేత్ వర్క్‌షాపును ఊహించుకుందాం. పంపులు తయారుచేసే ఓ పెద్ద కంపెనీకి 400 బుష్‌లు చేసి పంపింది. ఒక్కోటి రూ.500 చొప్పున 2 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.36,000 కలిపి బిల్లు రూ.2,36,000. సరుకు జూన్ 5న కంపెనీ గేటు దాటింది. పర్చేజ్ ఆర్డర్‌లో రాసుకున్న గడువు 30 రోజులు, అంటే జులై 5. ఆ తేదీ దాటింది, డబ్బు మాత్రం రాలేదు. ఈలోగా వర్క్‌షాపు యజమాని ఆ రూ.36,000 జీఎస్టీని జులైలోనే ప్రభుత్వానికి కట్టాలి. కొన్నవాడు డబ్బిచ్చాడా లేదా అన్నది పన్నుల శాఖకు అక్కర్లేదు.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేది ఫోన్. పర్చేజ్ మేనేజరు తెలిసినవాడే కాబట్టి మొహమాటంగా, నవ్వుతూ అడుగుతారు. ‘వచ్చే వారం చూద్దామండీ’ అని అటునుంచి జవాబు వస్తుంది. అలా మూడు నెలలు గడిచాక ఓపిక నశించి, ఒక్కసారిగా లాయరు నోటీసు దాకా వెళ్తారు. ఈ రెండింటి మధ్య నడవాల్సిన దారి ఒకటుంది. అదే మర్యాదగా రాస్తూ, ఉత్తరం ఉత్తరానికీ ఒక మెట్టు ఎక్కే జ్ఞాపక లేఖల వరుస. వాటి అసలు పని బతిమాలడమూ కాదు, బెదిరించడమూ కాదు. ప్రతి ఉత్తరమూ అవతలివాళ్ల నుంచి రాతపూర్వకమైన ఒక జవాబు రాబట్టాలి.

మొదటి ఉత్తరం గడువు దాటిన రెండు మూడు రోజులకే వెళ్లాలి. మన ఉదాహరణలో అది జులై 8. ఈ దశలో అవతలివాళ్లు కావాలనే ఎగ్గొడుతున్నారని అనుకోవాల్సిన పనిలేదు. పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగంలో బిల్లు పాస్ కావాలంటే మూడు కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి: పర్చేజ్ ఆర్డర్, సరుకు అందినట్టు స్టోర్స్ వాళ్లు రాసే జీఆర్ఎన్, మనం పంపిన ఇన్‌వాయిస్. మూడింట్లో ఏ అంకె తేడా వచ్చినా బిల్లు మొత్తం పక్కకు పోతుంది. ఇన్‌వాయిస్ మీద ఆర్డర్ నంబరు లేకపోయినా అంతే. మనం జీఎస్టీ రిటర్ను ఆలస్యంగా వేసి, ఆ బిల్లు వాళ్ల ఖాతాలో కనిపించకపోయినా అంతే. అందుకే మొదటి ఉత్తరం పొట్టిగా ఉండి, సులువుగా జవాబివ్వగల ఒకే ప్రశ్న అడగాలి.

‘నమస్కారమండీ. మీ ఆర్డరుకు సంబంధించిన రూ.2,36,000 బిల్లు జులై 5న చెల్లించాల్సి ఉంది. బిల్లు మీ పుస్తకాల్లో నమోదైందా, ఏ తేదీ చెల్లింపుల్లో ఉందో తెలియజేయగలరు. ఇన్‌వాయిస్, సంతకం చేసిన డెలివరీ చలానా జతచేశాం.’ ఇంతే చాలు. ‘మా పరిస్థితి బాగాలేదు, జీతాలివ్వాలి’ లాంటి మాటలు ఇక్కడ రాయకూడదు. అవి చదివే గుమాస్తాకు చేయడానికి పని ఏమీ చూపించవు. సబ్జెక్టు లైనులో ఇన్‌వాయిస్ నంబరు, మొత్తం, గడువు తేదీ ఉంటే వందల మెయిళ్ల మధ్య వెతికి పట్టుకోవడం తేలిక.

మన వర్క్‌షాపుకు జవాబొచ్చింది. జీఆర్ఎన్‌లో 396 బుష్‌లే అందినట్టు ఉందట, నాలుగు తక్కువ. ఆ నాలుగింటి విలువ పన్నుతో కలిపి రూ.2,360. దాని కోసం రూ.2,36,000 ఆగిపోయింది. ఉత్తరానికి జతచేసిన చలానా ఇక్కడే పనికొచ్చింది. దాని మీద ‘400 అందినవి’ అని స్టోర్స్ గుమాస్తా సంతకం, గేటు ముద్ర ఉన్నాయి. స్టోర్స్ వాళ్లు లెక్క సరిచేశారు. సంతకం చేసిన చలానా కాపీని ఇంటికొచ్చాక ఫైలులో పెట్టుకునే అలవాటు లేనివాళ్లకు ఇదే చిక్కు నెలల తరబడి నడుస్తుంది.

రెండో ఉత్తరం రెండు వారాల తర్వాత, అంటే జులై 22న. ఇందులో జరిగిందంతా తేదీల వారీగా ఉంటుంది: సరుకు ఎప్పుడు అందింది, గడువు ఎప్పుడు ముగిసింది, మొదటి ఉత్తరానికి ఏ జవాబొచ్చింది, జీఆర్ఎన్ ఎప్పుడు సరిచేశారు. దీనికి లెడ్జరు స్టేట్‌మెంటు జతచేసి, ‘మా లెక్క ప్రకారం బాకీ రూ.2,36,000. మీ లెక్క కూడా ఇదేనని ధ్రువీకరిస్తూ, చెల్లించే తేదీ తెలపండి’ అని అడగాలి.

ఈ ధ్రువీకరణ వెనుక పెద్ద కారణం ఉంది. ఇలాంటి బాకీ మీద దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు సాధారణంగా మూడేళ్లు. మనం ఎప్పటికప్పుడు ఉత్తరాలు రాస్తుంటే ఆ గడువు పెరుగుతూ పోతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మనం రాసిన నూరు ఉత్తరాలకూ ఆ బలం లేదు. గడువు ముగిసేలోగా బాకీ ఉన్నట్టు అవతలివాళ్లు సంతకంతో ఒప్పుకుని రాసిస్తే, లేదా రాతపూర్వక ఆధారం ఉండేలా కొంత సొమ్ము చెల్లిస్తే, అప్పటినుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. అందుకే ‘బ్యాలెన్స్ కన్ఫర్మేషన్’ కాగితం మీద కంపెనీ ముద్ర, సంతకం వేయించుకోవడం ఆడిటరు కోసం చేసే లాంఛనం మాత్రమే కాదు. ‘జులై 31కి ఇస్తాం’ అని ఫోన్‌లో మాటిస్తే, ఆ సాయంత్రమే ‘ఈరోజు మీరు జులై 31న చెల్లిస్తామని చెప్పారు, అలాగే రాసుకున్నాం’ అని మెయిల్ పెట్టాలి. సంతకానికి అది సాటిరాదు గానీ, మాట మాటగానే మిగిలిపోకుండా ఆపుతుంది.

జులై 31 వచ్చి వెళ్లింది. ఇక మూడో ఉత్తరం, ఆగస్టు 6న. ఇప్పుడు చిరునామా మారాలి. గుమాస్తాకు కాకుండా ఫైనాన్స్ అధిపతికి రాసి, పర్చేజ్ మేనేజరుకు కాపీ పెట్టాలి. భాషలో మర్యాద అలాగే ఉంటుంది, మొదటిసారిగా చట్టం పేరు వస్తుంది.

2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం సూక్ష్మ, చిన్న పరిశ్రమల బాకీల గురించి సూటిగా మాట్లాడుతుంది. గడువు రాసుకుని ఉంటే ఆ గడువులోగా చెల్లించాలి. ఆ గడువు కూడా సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. ఆర్డరులో 90 రోజులని అచ్చేసుకున్నా చెల్లదు. అసలేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18, నెలకు ఒకటిన్నర శాతం. మన బిల్లు మీద మొదటి నెలకు రూ.3,540, రెండో నెలకు రూ.3,593. రెండు నెలలకు రూ.7,133.

వడ్డీ కంటే కంపెనీని ఎక్కువ కదిలించేది ఆదాయపు పన్ను. 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన నిబంధన, అకౌంటెంట్లందరూ ‘43బి(హెచ్)’ అని పిలిచేది, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమకు పై గడువులోగా డబ్బివ్వకపోతే, ఆ కొనుగోలును ఖర్చుగా చూపుకునే వీలు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే దొరుకుతుంది. మార్చి 31 నాటికి బాకీ మిగిలితే ఆ మేరకు లాభం పెరిగి పన్ను ముందే కట్టాలి. జీఎస్టీలో మరొకటి: ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు అందకపోతే, తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను కంపెనీ వడ్డీతో వెనక్కివ్వాలి. ఈ మూడింటినీ రెండు మూడు వాక్యాల్లో, చదివే ఫైనాన్స్ అధిపతికి ఉపయోగపడే సమాచారంలా రాస్తే చాలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాపీ జతచేయడం మరవకూడదు. అది సరుకు పంపక ముందే ఉండటం క్షేమం. తర్వాత తీసుకున్న రిజిస్ట్రేషన్‌తో పాత బిల్లులకు ఈ రక్షణ అడిగితే వివాదమవుతుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నంబరు ఉన్నా ఈ బాకీల నిబంధనలు వర్తించవు. మధ్యతరహా పరిశ్రమలకూ అంతే.

మూడో ఉత్తరం తర్వాత తరచూ ఒక కొత్త మాట పుడుతుంది: ‘సరుకులో నాణ్యత లేదు.’ రెండు నెలలు మౌనంగా వాడుకుని, డబ్బడిగాక ఇలా అంటే జవాబు చట్టంలోనే ఉంది. అభ్యంతరం ఉంటే సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ‘జూన్ 20లోగా మీ నుంచి రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ అందలేదు. అప్పుడు పంపి ఉంటే దయచేసి కాపీ పంపండి’ అని ప్రశాంతంగా రాయాలి. వాళ్ల దగ్గర ఆ కాపీ నిజంగా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు చెడిన ముక్కలెన్నో లెక్కతేల్చి క్రెడిట్ నోటు ఇవ్వడం, మిగతా సొమ్ము అడగడం న్యాయం.

నాలుగో ఉత్తరం ఆఖరిది. సెప్టెంబరు 6న వెళ్లింది. అసలు రూ.2,36,000, వడ్డీ రూ.7,133, మొత్తం రూ.2,43,133 అని లెక్క కాగితం జతచేశారు. సెప్టెంబరు 15లోగా అందకపోతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తామని, అప్పటిదాకా కొత్త ఆర్డర్లకు అరువు ఉండదని ఒక్కో వాక్యంలో చెప్పారు. ఇక్కడ రాసింది చేసి తీరాల్సిందే. తేదీ దాటాక ‘తుది హెచ్చరిక’ పేరుతో ఐదో ఉత్తరం వెళ్తే, ముందు రాసిన నాలుగూ కాగితాలుగానే మిగులుతాయి. పోర్టల్‌లో ఫిర్యాదు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అక్కడ మొదట రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. చట్టం చెప్పే గడువు 90 రోజులైనా ఆచరణలో అంతకు మించి పట్టే కేసులు చాలా ఉంటాయి. అందుకే చాలామందికి కౌన్సిల్ కంటే దాని ముందు వెళ్లే ఉత్తరమే ఎక్కువ అక్కరకొస్తుంది. కంపెనీ ఆ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలన్నా 75 శాతం సొమ్ము ముందు జమ చేయాలి. ఈ సంగతి వాళ్ల లాయరుకు బాగా తెలుసు.

మన ఉదాహరణలో సెప్టెంబరు 14న అసలు రూ.2,36,000 ఖాతాలో పడింది, వడ్డీ లేకుండా. వడ్డీ వదులుకోవాలా, పట్టుబట్టాలా అన్నది ఆ యజమాని నిర్ణయం. చట్టం ప్రకారం అది ఆయన హక్కు. పోనిద్దామనుకున్నా ‘అసలు అందింది, రూ.7,133 వడ్డీ మా లెక్కలో ఉంది’ అని రాసే అందుకున్నట్టు తెలిపారు. వారం తిరక్కుండా అదే కంపెనీ నుంచి 600 బుష్‌ల ఆర్డరొచ్చింది. దానికి వెళ్లిన కొటేషన్‌లో షరతులు మారాయి: సగం అడ్వాన్సు, మిగతా సగం సరుకు అందిన 30 రోజులకు, వడ్డీ చట్టప్రకారం, పైన ఉద్యమ్ నంబరు. పర్చేజ్ మేనేజరు ఫోన్ చేసి అడ్వాన్సు 30 శాతానికి తగ్గించమన్నాడు. యజమాని సరేనని, ఆ మాట మెయిల్‌లో పెట్టమన్నాడు.