అంగట్లో ఉన్న చీర ఎవరిది?

మంగళగిరి మాస్టర్ వీవర్ ఒకాయన విజయవాడ షోరూమ్‌కు వంద చీరలు పంపాడనుకుందాం. చీరకు ఆయనకైన ఖర్చు 3,000 రూపాయలు. షోరూమ్ ఇవ్వాల్సిన ధర 4,000. అమ్ముడైన వాటికే డబ్బు, మిగిలినవి వాపసు. వ్యాపారంలో దీన్నే కన్‌సైన్‌మెంట్ అంటారు.

సరుకు షోరూమ్ అల్మారాలో ఉన్నా యజమాని వీవరే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, షోరూమ్ చీరను అమ్మినప్పుడు, లేదా తీసుకుంటానని చెప్పినప్పుడు యాజమాన్యం దానికి మారుతుంది. తిప్పి పంపడానికి పెట్టుకున్న గడువు దాటినా, వద్దని చెప్పకుండా అట్టేపెట్టుకుంటే సరుకు షోరూమ్‌దే అవుతుంది. అందుకే గడువును ఒప్పందంలో రాసుకోవాలి.

లెక్కలూ యాజమాన్యం వెంటే నడవాలి. చీరలు డెలివరీ చలానాపై వెళ్లిన రోజున వీవర్ అమ్మకం రాయకూడదు. ‘షోరూమ్‌లో ఉన్న మన సరుకు’ అని ఖర్చు ధరకే చూపాలి. షోరూమ్ వాటిని తన స్టాకులో కలపకుండా, విడి రిజిస్టరులో సంఖ్య మాత్రం రాసుకోవాలి. బ్యాంకు అప్పు కోసం ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్‌లో వాటిని చేర్చడం పెద్ద తప్పు. రేపు అప్పు మొండిబకాయి అయితే బ్యాంకు ఆ చీరలపైనా చెయ్యి వేయబోతుంది. అవి తనవేనని చెప్పడానికి వీవర్‌కు చలానాలే ఆధారం.

మార్చి 31న లెక్కపెడితే 60 అమ్ముడయ్యాయి, 38 అల్మారాలో ఉన్నాయి, రెండు కనబడలేదు. తరుగు షోరూమ్‌దేనని ఒప్పందంలో ఉంటే ఆ రెండింటికీ డబ్బు రావాలి. అప్పుడు వీవర్ అమ్మకం 62 చీరలకు 2,48,000 రూపాయలు, నిల్వ 38 చీరలకు 1,14,000. మొదటి రోజే వందకూ అమ్మకం రాసి ఉంటే, ఇంకా రాని 38,000 లాభం పుస్తకంలోకి ఎక్కేది.

జీఎస్టీకి వేరే గడువుంది. సరుకు పంపిన ఆరు నెలల్లో అమ్ముడుపోకపోయినా, వాపసు రాకపోయినా ఇన్‌వాయిస్ వేసి పన్ను కట్టాలి.

ఇక అగ్నిప్రమాదంలో ఆ 38 చీరలూ కాలిపోతే? సాధారణ జాగ్రత్త తీసుకున్న షోరూమ్‌పై, వేరే ఒప్పందం లేకపోతే, చట్టం నష్టభారం మోపదు. షోరూమ్ పాలసీ దాని సొంత సరుకుకే పరిమితమైతే వీవర్‌కు పైసా రాదు. కాబట్టి వీవర్ తన పాలసీలో షోరూమ్ చిరునామాను చేర్పించుకోవాలి. లేదంటే, షోరూమ్ పాలసీలో ఇతరుల తరఫున ఉంచుకున్న సరుకుకూ రక్షణ ఉందని, బీమా మొత్తం అందుకు సరిపోతుందని కాగితం చూసి నిర్ధారించుకోవాలి.

అమ్మకం కబురు ఆలస్యమైతే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. నెలాఖరున ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, అమ్మినవి, మిగిలినవి, తగ్గినవి రాసి సంతకాలు పెట్టుకుంటే తేడా ఆ నెలలోనే బయటపడుతుంది.